మూడేళ్లు ఈఎంఐ కట్టినా అప్పు ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: మూడేళ్ల క్రితం ఫ్లాట్ కోసం ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో 30 లక్షల లోన్ తీసుకున్నాం. ఫ్లోటింగ్ రేటు 9 శాతం, 20 ఏళ్లు, నెలకు 26,992 రూపాయల ఈఎంఐ. రేటు అప్పటి నుంచి మారలేదు. మేమూ ఒక్క నెల తప్పలేదు. 36 నెలల్లో 9 లక్షల 71 వేలు కట్టాం. మొన్న స్టేట్‌మెంట్ తీస్తే ఇంకా 28 లక్షల 15 వేలు బాకీ అని ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊళ్లో వడ్డీ లెక్కలన్నీ చూసిన మా మామయ్యగారు "ఇది పచ్చి మోసం, వడ్డీ అంతా ముందే గుంజుకుంటున్నారు" అంటున్నారు. మా తమ్ముడేమో "వడ్డీ ఎలాగూ కట్టేశావు, ఇప్పుడు అసలు కట్టి లాభం లేదు. వేరే బ్యాంకుకు మారావంటే వడ్డీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది" అంటాడు. నాకు చీటీ డబ్బు 3 లక్షలు చేతికొచ్చాయి. లోన్‌లో కట్టెయ్యనా? మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. పాప వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేరుతుంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు మీ మామయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ లెక్క తేలాలంటే ఆయన పద్ధతే సులువు.

9 శాతం అంటే ఊరి భాషలో నూటికి ముప్పావలా వడ్డీ. నెలకు వంద రూపాయలకు 75 పైసలు. ఈ రేటుకు అప్పిచ్చేవాళ్లు ఊళ్లో దొరకరని ఆయనే ఒప్పుకుంటారు. ఇప్పుడు ఆయన్ను ఒక ప్రాంసరీ నోటు ఊహించుకోమనండి. ఈయన ఎవరికో 30 లక్షలు ముప్పావలా వడ్డీకి ఇచ్చారు. నెల తిరిగేసరికి ఆ మనిషి 26,992 రూపాయలు తెచ్చిచ్చాడు. నోటు వెనక ఆయన ఏమని చెల్లు వేస్తారు? 30 లక్షలకు నెల వడ్డీ 22,500. ముందు అది పట్టుకుంటారు. మిగిలిన 4,492 అసలుకు జమ వేస్తారు. బాకీ 29,95,508.

రెండో నెల ఆ మనిషి మళ్లీ అంతే తెచ్చాడు. ఈసారి వడ్డీ 30 లక్షల మీద వెయ్యకూడదు, మిగిలిన బాకీ మీదే వెయ్యాలి. అది 22,466. అంటే 34 రూపాయలు తగ్గింది. ఆ తగ్గిన 34 రూపాయలు అసలు వైపు చేరి, అసలు 4,526 అయింది. మూడో నెల ఇంకో 34. మీ స్టేట్‌మెంట్ మొదటి పేజీ తీసి చూస్తే ఒకటీ అరా రూపాయి తేడాతో ఇవే అంకెలు ఉంటాయి. మామయ్యగారు నోటు వెనక రాసేది ఏదో, వాళ్ల కంప్యూటర్ రాసిందీ అదే. మూడేళ్లపాటు ఇలా చెల్లు వేసుకుంటూ వస్తే బాకీ 28,15,151 దగ్గర ఆగుతుంది. మీరు రాసిన అంకె కూడా అదే కాబట్టి, మోసం అన్నమాట ఇక్కడ నిలవదు.

సరే, మోసం లేదు. మరి 9 లక్షల 71 వేలలో 7 లక్షల 87 వేలు వడ్డీకే పోవడమేమిటి? అది మూడేళ్ల వడ్డీయే, ఒక్క రూపాయి కూడా రాబోయే ఏళ్లది కాదు. ఈ 36 నెలల్లో మీ దగ్గర సగటున 29 లక్షల 14 వేల రూపాయల వాళ్ల సొమ్ము ఉంది. దానికి నెలకు ముప్పావలా చొప్పున 36 నెలలకు వేసి చూడండి, అదే మొత్తం వస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లు అద్దె కట్టినట్టే, వాళ్ల డబ్బు వాడుకున్నన్నాళ్లకు కట్టారు. రేపు మీకు లాటరీ తగిలి లోన్ మొత్తం మూసేస్తానంటే 28 లక్షల 15 వేలు, దానితో పాటు ఆ నాలుగు రోజుల వడ్డీ తీసుకుని పత్రాలు ఇస్తారు. మిగిలిన 17 ఏళ్ల వడ్డీ అడగరు. "వడ్డీ ముందే గుంజుకున్నారు" అన్న మాట నిజమైతే, ముందే మూసేసినవాళ్లకు ఆ వడ్డీ వెనక్కి రావాలి కదా. రాదు, ఎందుకంటే ముందుగా తీసుకున్నదే లేదు.

మరి మొదట్లో అసలు అంత తక్కువ ఎందుకు? ఇందులో వాళ్ల ఎత్తుగడ కంటే మనం ఎంచుకున్న 20 ఏళ్లదే ఎక్కువ పాత్ర. ఇదే 30 లక్షలు, ఇదే 9 శాతం, పదేళ్లకే తీసుకుని ఉంటే ఈఎంఐ 38,003 అయ్యేది. మొదటి నెల వడ్డీ అప్పుడూ 22,500 రూపాయలే. కానీ అసలుకు 15,500 జమ అయ్యేవి. వడ్డీ మారలేదు చూశారా. వడ్డీని తేల్చేది బాకీ, రేటు మాత్రమే. ఎన్నేళ్లు అన్నది దాన్ని తాకదు. ఏళ్లు పెంచితే ఈఎంఐ దిగి దిగి వడ్డీకి ఆనుకునేంత దగ్గరికి వస్తుంది. ఆ రెండింటి మధ్య మిగిలిన సందే అసలు. మీ విషయంలో ఆ సందు 4,492 రూపాయలు. లోన్ తీసుకునేటప్పుడు "ఈఎంఐ ఎంత?" అని అడుగుతాం, "అందులో అసలు ఎంత?" అని అడగం. నేను లోన్ సీట్లో ఉన్న ఏళ్లలో ఈ రెండో ప్రశ్న అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఈ సందు నెలనెలా పెరుగుతూ పోతుంది, కానీ నత్తనడకన. మీ లోన్‌లో అసలు వాటా వడ్డీని దాటేది 149వ నెలలో, అంటే పన్నెండేళ్లు దాటాక. 30 లక్షల్లో సగం, 15 లక్షలు, తీరేది 14 ఏళ్లు నిండినప్పుడు. మిగతా సగం ఆఖరి ఆరేళ్లలో కరిగిపోతుంది. నమ్మకం కుదరకపోతే ఎక్సెల్‌లో ఈ రెండు లైన్లు కొట్టి చూడండి. మొదటిది వచ్చే నెల, అంటే 37వ నెల వడ్డీ, రెండోది అదే నెల అసలు:

```
=IPMT(9%/12,37,240,-3000000)
=PPMT(9%/12,37,240,-3000000)
```

21,114, 5,878 వస్తాయి. 37 తీసేసి మీకు కావలసిన నెల పెట్టుకోవచ్చు. మీ స్టేట్‌మెంట్‌తో ఇవి కలవకపోతే మాత్రం వెంటనే అనుమానించాలి. రేటు మీకు తెలియకుండా మారి ఉండొచ్చు, లేదా లోన్ ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా అప్పులోనే కలిపేసి ఉండొచ్చు. మీకు ఆ గొడవ లేదు.

ఇక తమ్ముడి మాట. "ఇప్పుడు కట్టి లాభం లేదు" అన్నది లెక్కకు పూర్తిగా ఎదురు. మీరు 3 లక్షలు ఇవాళ అసలుకు కడితే బాకీ 25 లక్షల 15 వేలు అవుతుంది. ఆ క్షణం నుంచి వడ్డీ దాని మీదే. వచ్చే నెల వడ్డీ 21,114 బదులు 18,864. తగ్గిన 2,250 రూపాయలు అంటే 3 లక్షల మీద ముప్పావలా వడ్డీ, అంతే, ఇందులో మాయ లేదు. ఈఎంఐ 26,992 అలాగే ఉంచితే ఆ 2,250 అసలు వైపు దూకుతుంది. అందువల్ల మీకు మిగిలిన 204 వాయిదాలు 161కి దిగుతాయి. మూడున్నరేళ్లకు పైగా ముందే లోన్ తీరిపోతుంది. మొత్తం మీద 8 లక్షల 70 వేల దాకా వడ్డీ మిగులుతుంది.

ఇదే 3 లక్షలు లోన్‌కు పదిహేనేళ్లు నిండాక కడితే మిగిలేది లక్షా 43 వేలే. అందుకే "మొదట్లోనే కట్టాలి" అంటారు. అయితే ఆ మాటను కూడా జాగ్రత్తగా అర్థం చేసుకోండి. ఇప్పుడు కట్టినా, పన్నెండేళ్లకు కట్టినా ఆ డబ్బు మీకు సంపాదించి పెట్టేది ఏడాదికి అదే 9 శాతం. ఇప్పుడైతే ఎక్కువ ఏళ్లు సంపాదిస్తుంది, అంతే తేడా. 8 లక్షల 70 వేలు అన్న అంకె చూసి ఉబ్బితబ్బిబ్బు కాకండి, అది ఇవాళ్టి నుంచి లెక్కేస్తే పద్నాలుగో ఏట మొదలై, ఇక కట్టక్కర్లేని ఈఎంఐల రూపంలో వచ్చే మిగులు. మీరు వేసుకోవలసిన పోలిక ఒక్కటే: ఈ 3 లక్షలు ఇంకెక్కడైనా పెడితే, పన్ను పోను, రిస్కు లేకుండా 9 శాతం ఇస్తుందా? ఎఫ్‌డీ ఇవ్వదు.

అలాగని మొత్తం కట్టెయ్యమని నేను చెప్పలేను. మీ ఉత్తరంలో ఆఖరి రెండు వాక్యాలే నన్ను ఆపాయి. లోన్‌లో కట్టిన డబ్బు మళ్లీ అడిగితే రాదు. అడిగినా టాప్-అప్ లోన్ అని కొత్త కాగితాలు, కొత్త చార్జీలు. మీ ఆయన ఉద్యోగం నాలుగు నెలలు అటూ ఇటూ అయితే, పాప ఫీజు కోసం పర్సనల్ లోన్ తీసుకోవలసి వస్తే, ఆ రేటు 9 కంటే చాలా ఎక్కువ ఉంటుంది. అప్పుడు ఇక్కడ మిగిల్చింది అక్కడ పోతుంది. ఇంట్లో ఇప్పటికే ఆరు నెలల ఈఎంఐలు, అంటే లక్షా 60 వేలు, ఎఫ్‌డీలోనో మరోచోటనో విడిగా ఉంటే 3 లక్షలూ ధైర్యంగా కట్టొచ్చు. లేకపోతే సగం కట్టండి. లక్షన్నర కట్టినా 23 వాయిదాలు తగ్గుతాయి, 4 లక్షల 80 వేల వడ్డీ మిగులుతుంది. మిగతా లక్షన్నర ఫీజుల గండం గడిచాక వేయొచ్చు. అన్నీ ఒకేసారి కట్టాలన్న రూలేమీ లేదు. ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోన్లలో ముందుగా కట్టినందుకు చార్జీ వసూలు చేయకూడదు కాబట్టి, ఎన్నిసార్లు కట్టినా నష్టం లేదు.

కట్టేటప్పుడు కౌంటర్‌లో ఒక ప్రశ్న అడుగుతారు: ఈఎంఐ తగ్గించాలా, కాలం తగ్గించాలా? కొన్నిచోట్ల అడగకుండానే ఏదో ఒకటి టిక్ పెట్టేస్తారు. ఈఎంఐ తగ్గిస్తే అది 24,115 అవుతుంది, నెలకు 2,876 చేతిలో మిగులుతుంది. కానీ లోన్ అదే 204 నెలలు సాగుతుంది, మొత్తం మిగులు 2 లక్షల 87 వేల దగ్గరే ఆగిపోతుంది. కాలం తగ్గిస్తే 8 లక్షల 70 వేలు అని పైన చూశాం. అంత తేడా ఎందుకంటే, మొదటి దారిలో ప్రతి నెలా 2,876 రూపాయలు మీరు వెనక్కి తీసుకుని ఖర్చుపెట్టుకుంటున్నారు. అది తప్పేమీ కాదు. పాప చదువు నాలుగేళ్లలో నెలకు 2,900 మిగలడం మీ ఇంటికి నిజంగా ఊపిరి అనిపిస్తే ఆ దారే పట్టండి, చదువయ్యాక మళ్లీ పెంచుకోండి. ఇంటి ఖర్చు ఇప్పుడున్న ఈఎంఐతోనే సాఫీగా నడుస్తుంటే మాత్రం కాలమే తగ్గించండి.

పన్ను మినహాయింపు పోతుందేమో అని కూడా మీకు ఎవరో ఒకరు చెప్తారు. పాత పద్ధతిలో మీరు ఉంటున్న ఇంటికి వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల వరకే మినహాయింపు. 3 లక్షలు కట్టాక కూడా వచ్చే పన్నెండు నెలల్లో మీ వడ్డీ 2 లక్షల 22 వేలు ఉంటుంది, కాబట్టి ఈ ఏడాదికి పోయేదేమీ లేదు. కొత్త పద్ధతిలో ఉంటే సొంతంగా ఉంటున్న ఇంటికి ఆ మినహాయింపే లేదు.

ఇప్పుడు బ్యాంకు మారడం. మీరు మామూలుగా రాసేశారు గానీ, "రేటు మారలేదు" అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 2025లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, పలుమార్లు తగ్గించింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ ఇంటి లోన్లు రెపో లాంటి బయటి రేటుకు కట్టి ఉంటాయి కాబట్టి అవి దిగుతాయి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు, వాళ్ల సొంత రేటు వాళ్లు ఎప్పుడు దించితే అప్పుడే. కాబట్టి ముందు వాళ్లనే అడగండి, కొత్త కస్టమర్లకు ఇప్పుడు ఇస్తున్న రేటుకు నా లోన్ మార్చండి అని. చిన్న కన్వర్షన్ ఫీజు తీసుకుని మారుస్తారు చాలామంది.

వాళ్లు కుదరదంటే వేరే బ్యాంకు 8.5 శాతానికి ఇస్తానంటుంది అనుకుందాం. తమ్ముడు అన్నట్టు వడ్డీ "మొదటి నుంచి" మొదలవ్వదు. మీ బాకీ 28 లక్షల 15 వేల మీద, తక్కువ రేటుకు, నెలనెలా అదే లెక్క నడుస్తుంది. కానీ అతని భయానికి ఒక మూలం ఉంది. కొత్త బ్యాంకు వాళ్లు మాటల్లో పెట్టి మళ్లీ 20 ఏళ్లు రాయిస్తారు. అప్పుడు ఈఎంఐ 24,430కి దిగుతుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ మొత్తం కట్టేది 58 లక్షల 63 వేలు. ఇక్కడే 9 శాతంలో ఉండిపోతే ఇకపై కట్టేది 55 లక్షల 6 వేలు. రేటు తగ్గి కూడా మూడున్నర లక్షలు ఎక్కువ కట్టినట్టు! మీకు మిగిలిన 204 నెలలకే రాయించుకుంటే ఈఎంఐ 26,133 అవుతుంది, లక్షా 75 వేలు మిగులుతుంది. అందులోంచి ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఫీజు, తనఖా ఖర్చులు తీసెయ్యండి. ఆ తర్వాత కూడా లక్ష దాకా నిలిస్తేనే ఆ తిరుగుడు పెట్టుకోండి.

రేటు పెరిగే రోజులూ వస్తాయి కాబట్టి ఇంకొక్క మాట. మీ 28 లక్షల 15 వేల మీద రేటు అర శాతం పెరిగి, ఈఎంఐ అలాగే ఉంటే, మిగిలిన 204 వాయిదాలు 222 అవుతాయి. వడ్డీ పెరిగి, పైన చెప్పిన ఆ సందులోకే చొచ్చుకొస్తుంది, సందు ఎంత ఇరుకైతే కాలం అంత సాగుతుంది. 2022లో రేట్లు పెరిగినప్పుడు ఎంతోమందికి ఇదే జరిగింది, చాలామందికి తెలియను కూడా తెలియలేదు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఉత్తర్వు ఇచ్చాక, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా అన్నది మిమ్మల్ని అడగాలి. ప్రతి మూడు నెలలకూ ఇప్పటిదాకా తీరిన అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇంకా ఎన్ని ఈఎంఐలు మిగిలాయి అన్న స్టేట్‌మెంట్ అందుబాటులో ఉంచాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. మీరు మూడేళ్లకు ఒకసారి కాకుండా మూడు నెలలకు ఒకసారి ఆ కాగితం చూసుంటే ఆ రాత్రి నిద్ర పాడయ్యేది కాదు.

కట్టాలని నిర్ణయించుకుంటే డబ్బు ఊరికే లోన్ ఖాతాలోకి పంపెయ్యకండి. "ఈ మొత్తాన్ని అసలుకు జమ వేసి, ఈఎంఐ మార్చకుండా కాలం తగ్గించండి" అని ఒక ఉత్తరం రాసి, దాని నకలు మీద సంతకం, స్టాంపు తీసుకోండి. లేదా మెయిల్ పెట్టండి. ఉత్తరం లేకుండా పంపితే కొన్నిచోట్ల దాన్ని రాబోయే ఈఎంఐలకు అడ్వాన్సుగా పక్కన పెట్టుకుంటారు, అసలు తగ్గదు. పట్టుకోవడం తేలికే. 3 లక్షలూ కట్టి ఉంటే తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో వడ్డీ గడిలో 18,864 ఉండాలి, లక్షన్నర కట్టి ఉంటే 19,989. నెల మధ్యలో కడితే ఆ మొదటి నెల కొంచెం ఎక్కువ కనిపించొచ్చు, ఆ పై నెలకు సర్దుకోవాలి. రెండు నెలల తర్వాత కూడా 21 వేలే ఉంటే మామయ్యగారిని వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్లండి. అక్కడ మాత్రం ఆయన కోపం పనికొస్తుంది.